జతగాడు హెచ్చెమ్మైతే

మైదుకూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలు అనుకుందాం. ఒకే డీఎస్సీలో ఎంపికై, ఏళ్ల తరబడి ఒకే బండి మీద బడికొచ్చిన ఇద్దరు స్కూల్ అసిస్టెంట్లు. ఒకాయనకు ప్రధానోపాధ్యాయుడిగా పదోన్నతి వచ్చింది. కౌన్సెలింగులో అదే బడి దొరికింది.

అపోహ: “నాకంటే వాడేం ఎక్కువప్పా? ఎవర్నో పట్టుకొని ఉంటాడు.”

వాస్తవం: ఈ పదోన్నతి పనితనానికి వేసే మార్కు కాదు. జోన్ మొత్తానికీ ఒకే సీనియారిటీ జాబితా ఉంటుంది. ఒకే బ్యాచ్ వాళ్లలో ఎవరు ముందో ఆనాటి డీఎస్సీ మెరిటే చెబుతుంది. ఆపైన రిజర్వేషన్ రోస్టర్, డిపార్ట్‌మెంట్ టెస్టులు ఉంటాయి. జాబితాలో తప్పుందనిపిస్తే అభ్యంతరం రాసివ్వాల్సింది ఆఫీసుకు, అలగాల్సింది జతగాడి మీద కాదు. పన్నెండేళ్ల స్కేలు ముందే తీసుకున్నవాళ్లకు పదోన్నతితో జీతం పెద్దగా పెరగదు కూడా.

అపోహ: “మనోడే గదా, చూసీచూడనట్టు పోతాడులే.”

వాస్తవం: స్నేహం చెడేది ఎక్కువగా ఇక్కడే. పసుపు అమ్మే రోజులనుకుందాం. “మధ్యాహ్నం మార్కెట్‌కు పోయొస్తా రా” అని నోటిమాట చెప్పి మిత్రుడు వెళ్లాడు. సెలవు చీటీ లేదు, మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో సంతకం లేదు. ఆ పూటే డిప్యూటీ డీఈవో తనిఖీకొస్తే సంజాయిషీ ఇవ్వాల్సింది ఇద్దరూ. తనిఖీ రాకున్నా, ఆయన పీరియడ్లు మోసిన మిగతా టీచర్లకు ఆ లెక్క గుర్తుంటుంది. రేపు వాళ్లలో ఒకరు అలాగే పోతానని అడిగితే హెచ్చెమ్ కాదనలేడు, ఔననలేడు.

అరపూట సీఎల్ ఉన్నది ఇలాంటి పనికే. ఏడాదికి 15 సీఎల్‌లు చేతిలో పెట్టుకొని జతగాడి కుర్చీని వాడుకోవడం నా లెక్కలో దుబారా. పొద్దున్నే చీటీ ఇచ్చి, తన తరగతులు ఎవరు చూస్తారో తానే మాట్లాడి పెడితే హెచ్చెమ్‌కు మిగిలేది సంతకమే. అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు అందరికీ వంతుల ప్రకారం పడుతున్నాయా అన్నది నెలకోసారి రిజిస్టర్ తిరగేస్తే తెలిసిపోతుంది. మిత్రుడి పేరు మరీ తక్కువగా కనిపించినా, మరీ ఎక్కువగా కనిపించినా తేడా ఉన్నట్టే. పక్షపాతం అంటారేమోనన్న భయంతో సొంత మనిషికే పని ఎక్కువ వేసే హెచ్చెమ్‌లూ ఉంటారు.

అపోహ: “ఇంక ‘రా’ అనకూడదు, కలిసి టీ తాగకూడదు.”

వాస్తవం: బడి గేటు లోపల “సార్”, బయట “రా” అనుకుంటే సరిపోతుంది. మానుకోవాల్సింది టీ కాదు, టీ దగ్గర “నా మీద ఎవరు చెప్పినారు?” అని ఆరా తీయడం. హెచ్చెమ్ కూడా స్టాఫ్ గుట్లు అక్కడ విప్పకూడదు. ఈ రెండు సంగతులూ చేరిన మొదటి వారంలోనే ఇద్దరూ విడిగా కూర్చొని మాట్లాడుకోవాలి. మిత్రుడి మీద నిజంగానే ఫిర్యాదొస్తే, హెచ్చెమ్ విచారణ తాను చేయకుండా విషయం రాతపూర్వకంగా పెట్టి, వేరే అధికారిని వేయమని డిప్యూటీ డీఈవోను అడగొచ్చు. ఆ సంగతి మిత్రుడికి ముందుగా హెచ్చెమ్ నోటి నుంచే తెలియాలి, అటెండర్ తెచ్చే కాగితంతో కాదు.