సింకులో సుడిని తిప్పేదెవరు?

వాష్‌బేసిన్ నింపి బిరడా లాగితే నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోతాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన అది గడియారం ముళ్లకు ఎదురుగా, దక్షిణాన ముళ్ల వెంట తిరుగుతుందని, దానికి కారణం భూభ్రమణమేనని చాలామంది నమ్మకం. అది ఊరికే పుట్టలేదు. బంగాళాఖాతంలో లేచి మన తీరాన్ని తాకే తుపాన్లన్నీ ముళ్లకు ఎదురుగానే తిరుగుతాయి. వాటిని అలా తిప్పేది నిజంగా భూభ్రమణమే. కాకపోతే తుపాను వందల కిలోమీటర్ల మేర, రోజుల తరబడి సాగుతుంది. సింకు అడుగున్నర వెడల్పు ఉంటుంది, నిమిషంలో ఖాళీ అవుతుంది.

ఆ తేడా ఎంతో లెక్కేసి చూద్దాం. భూభ్రమణంలో ఎంత భాగం పాత్రలోని నీటికి అందుతుందన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. ధ్రువం మీద పెట్టిన పాత్ర భూమితోపాటు రోజుకో చుట్టు తిరుగుతుంది. హైదరాబాద్‌లో అదే చుట్టుకు దాదాపు 80 గంటలు కావాలి. సింకు మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న నీటికి ఈ లెక్కన దక్కే వేగం సెకనుకు 0.003 మిల్లీమీటర్లు. ఇక కుళాయి కట్టేశాక నీళ్లలో మిగిలిపోయే కదలిక సెకనుకు ఒక్క మిల్లీమీటరే అనుకుందాం. కంటికి ఆ నీళ్లు నిశ్చలంగానే కనిపిస్తాయి. అయినా అది భూమి ఇచ్చిన దానికి 300 రెట్లు.

కన్నం సుడిని పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. అంచు నుంచి నీరు మధ్యకు జరిగేకొద్దీ దాని కోణీయ ద్రవ్యవేగం దాదాపు మారకుండా ఉంటుంది. కాబట్టి దూరం పదో వంతైతే వేగం పదింతలవుతుంది, చుట్టు తిరిగే రేటు నూరింతలవుతుంది. మన మిల్లీమీటరు కదలికకు అంచు దగ్గర ఒక చుట్టుకు పావుగంట పైనే పడుతుంది. కన్నం దగ్గరికి చేరేసరికి అదే చుట్టు పది సెకన్లలోపు అయిపోతుంది. అప్పుడు సుడి కంటికి కనబడుతుంది. భూమి ఇచ్చిన 80 గంటల చుట్టును నూరింతలు చేసినా 48 నిమిషాలు పడుతుంది. అప్పటికి సింకులో నీళ్లెక్కడివి?

కాబట్టి అసలు ప్రశ్న ఆ మిల్లీమీటరు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే. ఎక్కువగా కుళాయి నుంచి. ధార నడిమధ్యన పడకుండా కొంచెం పక్కన పడితే చాలు, నీళ్లు ఓ వైపుకు తిరగడం మొదలవుతుంది. గిన్నె కడిగిన చెయ్యి, బిరడా లాగిన తీరు, సింకు అడుగు వాలు కూడా తలో కాస్త కలుపుతాయి. కొన్ని ఇళ్లలో సుడి ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది. అది భూమి గుర్తు కాదు, కుళాయి రోజూ ఒకే చోట ఉండటం వల్ల. నమ్మకం కుదరకపోతే నీళ్లను వేలితో ఎదురు దిశకు మెల్లగా ఓ చుట్టు తిప్పి, ఒక అగ్గిపుల్ల వేసి బిరడా తీయండి. సుడి మీరు చెప్పినట్టు తిరుగుతుంది.

మరి సింకులో భూభ్రమణాన్ని ఎన్నటికీ చూడలేమా? చూడొచ్చు, ఓపిక కావాలంతే. అమెరికాలోని ఎంఐటీలో ఆషర్ షపీరో చేసిన ప్రయోగం 1962లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఆయన తొట్టి ఆరడుగుల వెడల్పు, నీళ్లు ఆరంగుళాల లోతు, నడిమధ్యన అంగుళంలో సగం కూడా లేని కన్నం. బిరడా లాగడంతో నీళ్లు కదలకుండా, కన్నానికి పొడవాటి గొట్టం తగిలించి దాని చివర మూత పెట్టారు. నీళ్లను కావాలనే ముళ్ల వెంట తిరిగేలా నింపారు. చివర్లో ఎదురు దిశ వస్తే, అది నింపినప్పటి కదలిక కాదని తేలిపోవాలని. గాలి తగలకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పి, గది ఉష్ణోగ్రత మారకుండా చూసి, 24 గంటలు వదిలేశారు. ఉష్ణోగ్రత మీద అంత పట్టింపు ఎందుకంటే, నీళ్లలో ఒక పక్క కొంచెం వేడెక్కినా కొత్త కదలిక మొదలవుతుంది.

తర్వాత మూత తీశారు. తొట్టి ఖాళీ కావడానికి 20 నిమిషాలు పట్టింది. మొదటి 12 నిమిషాలకు పైగా కన్నం మీద తేలుతున్న చిన్న చెక్క శిలువలో చలనమే కనిపించలేదు. ఆ తర్వాత అది ముళ్లకు ఎదురుగా కదిలి, క్రమంగా వేగం పుంజుకుని, చివరికి మూడు నాలుగు సెకన్లకో చుట్టు తిరిగింది. నీళ్లకు అంత విరామం ఇవ్వకపోతే మాత్రం నింపిన దిశే గెలిచేది. 1965లో సిడ్నీలో లాయిడ్ ట్రెఫెథెన్ బృందం ఇలాంటి జాగ్రత్తలతోనే చేసి చూస్తే సుడి ముళ్ల వెంట తిరిగింది.

కెన్యాలోని నాన్యుకి దగ్గర భూమధ్యరేఖ మీద పర్యాటకులకు ఓ ప్రదర్శన చూపిస్తుంటారు. గీతకు ఇటు కొన్ని అడుగులు నడిచి కన్నమున్న గిన్నెలో నీళ్లు వదిలితే ఒక దిశ, అటు నడిస్తే ఇంకో దిశ. గీతకు 20 మీటర్ల దూరంలో భూమి ఆ గిన్నెను ఒక చుట్టు తిప్పాలంటే సుమారు 870 ఏళ్లు పడుతుంది. అక్కడ చూడాల్సింది గీతను కాదు, ప్రదర్శకుడి చేతులను: నీళ్లు గిన్నెలో ఏ పక్కన పోశాడో, గిన్నె పట్టుకుని ఏ వైపు తిరిగాడో.