ఆఫీసు మారుతున్నామని క్లయింట్లకు ఎలా చెప్పాలి?

"మా కార్యాలయం నూతన భవనంలోకి మారినట్లు తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. మీ ఆదరణ ఎప్పటిలాగే కొనసాగాలని కోరుతున్నాము." ఆఫీసు మారినప్పుడు వచ్చే వాట్సాప్ కార్డుల్లో చాలావాటిలో ఇంతకుమించి ఉండదు. కొత్త భవనం ఫొటో, కలశం బొమ్మ, కింద చిరునామా ఉంటాయి. అందుకున్న క్లయింటు ఒక దండం బొమ్మ పంపి ఊరుకుంటాడు. వారం తర్వాత ఆయన గుమస్తా బిల్లుల సంచీ పట్టుకుని పాత ఆఫీసుకే వెళ్తాడు. అక్కడ తాళం చూసి ఫోన్ చేస్తాడు. అది కూడా పాత ల్యాండ్‌లైన్‌కే చేస్తాడు.

కార్డు అందలేదని కాదు, అందింది. ఆ గుమస్తాకు కావలసిన సంగతే అందులో లేదు. కాగితాలు ఏ తేదీ నుంచి ఎక్కడ ఇవ్వాలి, మధ్యలో పని ఆగితే ఎవరిని అడగాలి, తన రికార్డుల్లో ఏం మార్చుకోవాలి, ఏది మార్చకూడదు అన్నవి ఆయన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పాలంటే ముందు ఆ జవాబులు మనకు తెలిసి ఉండాలి. అందుకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడే ఆఫీసు మార్పిడికి అసలు ప్రణాళిక తయారవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ అమీర్‌పేటలో అయిదారుగురు పనిచేసే అకౌంట్స్ ఆఫీసు ఉంది. చిన్న వ్యాపారుల లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం వీళ్ల పని. అద్దె భారమై 2026 నవంబరులో ఉప్పల్‌కు మారాలనుకున్నారు. ఇలాంటి ఆఫీసుకు నెలలో ఏ తేదీ పడితే ఆ తేదీ కుదరదు. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1 వేయాలి, 15న పీఎఫ్, 20న జీఎస్టీఆర్-3బీ. 20 దాటాకే ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. పంతులుగారేమో కార్తీకమాసంలో 20వ తేదీ శుక్రవారం దివ్యంగా ఉందన్నారు. సరిగ్గా రిటర్నులకు ఆఖరి రోజది.

మన దగ్గర ఈ చిక్కు తరచూ వచ్చేదే. ముహూర్తాన్ని కాదనక్కర్లేదు. శుక్రవారం ఉదయం యజమాని దంపతులు వెళ్లి పూజ చేసుకుని, పాలు పొంగించి వస్తారు. సిబ్బంది పాత ఆఫీసులోనే కూర్చుని రిటర్నులు పూర్తిచేస్తారు. శని, ఆదివారాల్లో సామాను తరలుతుంది. సోమవారం 23న కొత్త చోట పని మొదలవుతుంది. క్లయింట్ల ఉత్తరంలో ఉండాల్సింది ఈ 23వ తేదీయే. పూజ తేదీని ఆహ్వానపత్రికలో వేసుకోవచ్చు. రెండు తేదీలూ ఒకే కాగితంలో కనబడితే శుక్రవారమే ఉప్పల్‌కు వచ్చేసేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఇక అందరూ అలవాటుగా రాసే వాక్యం దగ్గరకు వద్దాం: "మా సేవలకు ఎలాంటి అంతరాయం ఉండదు." నన్నడిగితే ఈ వాక్యాన్ని ఇలా ఒంటరిగా ఎప్పుడూ రాయకూడదు. శనివారం మధ్యాహ్నం కంప్యూటర్లు ఆపేశాక ఆదివారం సాయంత్రం మళ్లీ బిగించేదాకా పని ఆగుతుంది. సోమవారానికి కొత్త చోట ఇంటర్నెట్ రాకపోతే ఇంకా ఆగుతుంది. అంతరాయం ఉండదని రాసిచ్చాక ఒక్క గంట ఫోన్ మోగకపోయినా మాట తప్పినట్టే. ఎంతసేపు పని ఆగుతుందో చెప్పి, ఆ కాసేపటికి ఏం ఏర్పాటు చేశారో కూడా చెబితే క్లయింటుకు గురి కుదురుతుంది.

ఆ ఏర్పాటు నిజంగా ఉండాలి కదా. మన అకౌంట్స్ ఆఫీసు చేయాల్సింది పెద్దగా లేదు, కానీ ముందుగా చేయాలి. కొత్త చోట ఇంటర్నెట్ లైను తరలింపుకు కనీసం పది రోజుల ముందే వేయించి, ఒక పూట అక్కడ కూర్చుని నిజంగా పనిచేసి చూడాలి. పాత లైను ఆ నెలాఖరు దాకా ఉంచాలి. రెండు అద్దెలు కొన్నాళ్లు కలిసి వచ్చినా భరించాలి. ట్యాలీ డేటా మొత్తం శుక్రవారం రాత్రి రెండుచోట్ల బ్యాకప్ తీసి, అందులో ఒకటి లారీ ఎక్కకుండా యజమాని చేతిలో ఉండాలి. లోకల్ టెలిఫోన్ నంబరు కొత్త ఎక్స్ఛేంజికి మారుతుందో లేదో తేలకపోతే ఉత్తరంలో ఆ నంబరు ఊసే ఎత్తకుండా మొబైల్ నంబరు ఇవ్వడం మేలు. ఆ మొబైల్ రెండు రోజులూ ఎవరి జేబులో ఉంటుందో కూడా ముందే అనుకోవాలి.

ఇంకొకటి ఉంది. చాలా అకౌంట్స్ ఆఫీసుల బీరువాల్లో క్లయింట్ల డిజిటల్ సంతకాల టోకెన్లు ఉంటాయి, పెన్‌డ్రైవుల్లాంటివి. ఒరిజినల్ దస్తావేజులూ ఉంటాయి. వీటిని అట్టపెట్టెలో పెట్టి ప్యాకర్స్ వాళ్లకు అప్పగించకూడదు. సంతకం ఎవరిదో వారి దగ్గరే ఉండటం న్యాయం కాబట్టి, తరలింపుకు ముందే రిజిస్టర్లో సంతకం తీసుకుని వాటిని తిరిగి ఇచ్చేయడానికి ఇదే అదను. ఆ విషయం ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

ఇవన్నీ తేలాక ఉత్తరం దానంతటదే వస్తుంది. మన ఆఫీసు ఇలా రాయొచ్చు:

"నమస్కారమండీ. 2026 నవంబరు 23, సోమవారం నుంచి మా ఆఫీసు అమీర్‌పేట నుంచి ఉప్పల్‌కు మారుతోంది. 20వ తేదీ శుక్రవారం సాయంత్రం వరకు మీ కాగితాలు అమీర్‌పేటలోనే ఇవ్వండి. ఆ రోజుతో గడువు ముగిసే రిటర్నులన్నీ అక్కడి నుంచే దాఖలు చేస్తాం. 21, 22 తేదీల్లో ఆఫీసు ఉండదు. ఆ రెండు రోజుల్లో నోటీసు వంటి అత్యవసరం వస్తే కింది మొబైల్‌కు ఫోన్ చేయండి, మనిషి పలుకుతారు. మీ డిజిటల్ సంతకం టోకెన్, ఒరిజినల్ పత్రాలు మా దగ్గర ఉంటే 14వ తేదీలోగా తీసుకెళ్లండి. మా మొబైల్ నంబర్లు, ఈమెయిల్, జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా ఏవీ మారడం లేదు. మీ రికార్డుల్లో చిరునామా ఒక్కటి మార్చుకుంటే చాలు."

దీని కింద కొత్త చిరునామా ఉండాలి. హైదరాబాద్‌లో ఇంటి నంబరు చూసి ఇల్లు కనుక్కోవడం పోస్ట్‌మన్‌కు తప్ప మరొకరికి సాధ్యం కాదు. ఇంటి నంబరు, అంతస్తు, పిన్ కోడ్ (ఉప్పల్‌ది 500039) తపాలాకూ బిల్లులకూ కావాలి. వచ్చే మనిషికి మాత్రం దగ్గరి మెట్రో స్టేషను, పిల్లర్ నంబరు, కింద ఉన్న దుకాణం గుర్తు కావాలి. అమీర్‌పేట, ఉప్పల్ రెండూ మెట్రో నీలం లైను మీదే ఉన్నాయి కాబట్టి రైలు మారక్కర్లేదన్న మాట రాస్తే, అంత దూరమా అనుకునే క్లయింటు కాస్త శాంతిస్తాడు. బండి ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పండి.

బ్యాంకు ఖాతా మారలేదన్న ముక్క అందులో ఊరికే లేదు. "మా ఆఫీసు మారింది, ఇకపై డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి" అని అచ్చం మన పేరుతోనే మెయిల్ పంపి డబ్బు కాజేసే మోసం దేశదేశాల్లో నడుస్తోంది. ఒక్క అక్షరం తేడాతో మెయిల్ ఐడీ సృష్టిస్తారు. చిరునామా మారే రోజుల్లో క్లయింటు ఎలాగూ మార్పులు ఎదురుచూస్తుంటాడు కాబట్టి తేలిగ్గా నమ్ముతాడు. అందుకే మొదటి ఉత్తరంలోనే ఖాతా మారదని తేల్చి చెప్పాలి. మారిందని ఎవరైనా చెబితే పాత నంబరుకు ఫోన్ చేసి మాట్లాడకుండా రూపాయి పంపవద్దని కూడా రాయాలి. నిజంగానే ఖాతా మార్చే ఆలోచన ఉంటే ఆఫీసు మార్పుతో కలపకండి. రెండు మూడు నెలలు ఆగి విడిగా చెప్పండి.

ఎన్నిసార్లు పంపాలి? నెల ముందు ఒకసారి, వారం ముందు గుర్తుచేస్తూ ఒకసారి, 23వ తేదీ ఉదయం "ఇవాళ్టి నుంచి ఇక్కడే" అంటూ మ్యాపు లింకుతో ఒకసారి పంపితే సరిపోతుంది. మొదటిది యజమానికే కాక, బిల్లులు చూసే మనిషికీ, కాగితాలు మోసే గుమస్తాకూ చేరాలి. పాత ఒప్పందాల్లో నోటీసులు ఏ చిరునామాకు పంపాలన్న క్లాజు ఉంటుంది. అలాంటివాళ్లకు వాట్సాప్ చాలదు, లెటర్‌హెడ్ మీద సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే చెల్లదు. జీఎస్టీలో ప్రధాన వ్యాపార స్థలం మారితే 15 రోజుల్లోగా పోర్టల్లో Amendment of Registration Core Fields కింద రెగ్-14 ఫారం వేయాలి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు వంటివి జతచేస్తారు. అధికారి ఆమోదించాక కొత్త చిరునామాతో సర్టిఫికెట్ వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు మారితే ఐఎన్‌సీ-22 ఫారానికి 30 రోజుల గడువు ఉంటుంది. బిల్లు మీద అమ్మేవారి చిరునామా తప్పనిసరి కాబట్టి, మన బిల్లులో ఉప్పల్, పోర్టల్లో అమీర్‌పేట కనబడితే పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగం బిల్లును పక్కన పెట్టేస్తుంది. డబ్బు ఆగాకగానీ మనకు సంగతి తెలియదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు మారితే కథే వేరు. తెలంగాణ జీఎస్టీ నంబరు 36తో, ఆంధ్రప్రదేశ్‌ది 37తో మొదలవుతుంది. రాష్ట్రం దాటితే కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. అప్పుడు ఉత్తరంలో "జీఎస్టీ నంబరు మారడం లేదు" అన్న వాక్యం తీసేసి, కొత్త నంబరు ఏ తేదీ బిల్లు నుంచి అమల్లోకి వస్తుందో రాయాలి.

పాత చిరునామాను మాత్రం వెంటనే మరచిపోకండి. సరైన చిరునామాకు రిజిస్టరు చేసి పంపిన నోటీసు, అందుకోకపోయినా అందినట్టే భావించడానికి చట్టంలో వీలుంది. పన్ను శాఖ దృష్టిలోనో, చెక్కు కేసు వేసే వ్యక్తి దృష్టిలోనో సరైన చిరునామా అంటే వాళ్ల రికార్డులో ఉన్న పాతదే. తపాలా కార్యాలయంలో ఉత్తరాలు మళ్లించమని రాసి ఇవ్వండి. పాత గేటు దగ్గర కొత్త చిరునామా ఫ్లెక్సీ కనీసం మూడు నెలలు ఉంచడానికి ఇంటి ఓనరును ఒప్పించండి. క్లయింట్లకు పంపిన ఉత్తరం కాపీ ఒకటి ఓనరుకూ, ఒకటి వాచ్‌మన్‌కూ ఇచ్చి, పోస్ట్‌మన్ వస్తే ఫోన్ చేయమని చెప్పి రండి.