180 మాటలకే ఆగిన వ్యాసం

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ పరీక్షలో రెండో ప్రశ్న కింద ‘కనీసం 250 మాటలు రాయండి’ అని ఉంటుంది. ఇంగ్లిష్ బాగా వచ్చిన అభ్యర్థి చక్కగా మొదలుపెట్టి, టైమ్ అయిపోయి 180 దగ్గర ఆగిపోతే ఎంత నష్టం? కోచింగ్ సెంటర్లలో దీనికి నోటిలెక్క ఒకటి తిరుగుతుంటుంది: ఇన్ని మాటలు తగ్గితే ఒక బ్యాండ్ పోతుంది, ఇంకొన్ని తగ్గితే రెండు పోతాయి అని. పరీక్ష నిర్వాహకులు 2023లో సవరించి అందరికీ అందుబాటులో ఉంచిన బ్యాండ్ డిస్క్రిప్టర్లలో అలాంటి పట్టిక లేదు. అందులో మాటల సంఖ్యతో నేరుగా ముడిపడిన నియమం ఒక్కటే. జవాబు 20 మాటలు, లేదా అంతకంటే తక్కువ ఉంటే బ్యాండ్ 1.

మరి 180 మాటల వ్యాసానికి దెబ్బ ఎక్కడ తగులుతుంది? ఎగ్జామినర్ వ్యాసాన్ని నాలుగు కోణాల్లో చూసి ఒక్కోదానికి ఒక బ్యాండ్ ఇస్తారు. అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పారా అన్నది టాస్క్ రెస్పాన్స్. ఆలోచన ఒక వరుసలో సాగిందా అన్నది కొహెరెన్స్ అండ్ కొహీషన్. మిగిలిన రెండూ పదసంపద, వ్యాకరణం. నాలుగింటికీ సమానమైన విలువ. రాయాల్సినంత రాయకపోతే ముందుగా దెబ్బతినేది మొదటిది. మాటలు తగ్గాయంటే సాధారణంగా చెప్పవలసిన విషయమేదో చెప్పకుండా మిగిలిపోయిందని అర్థం.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క కట్టి చూద్దాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కెనడా పీఆర్ కోసం జనరల్ ట్రైనింగ్ పరీక్ష రాస్తున్న అభ్యర్థి అనుకుందాం. మామూలుగా రాస్తే నాలుగు కోణాల్లోనూ 7 తెచ్చుకోగల మనిషి. మొదటి ప్రశ్నలో లెటర్ బాగా రాశారు, దానికి 7. కానీ 20 నిమిషాల్లో ముగించవలసిన ఆ లెటర్ మీద అరగంట పెట్టారు. రెండో ప్రశ్న: ఇంటి నుంచి పనిచేయడం మేలని కొందరు, ఆఫీసుకు వెళ్లడమే మేలని కొందరు అంటారు, రెండు వాదనలూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి. వ్యాసంలో పరిచయం 45 మాటలు. ఇంటి నుంచి పనిచేయడం గురించి ఒక మంచి ఉదాహరణతో కలిపి 80 మాటలు. ఆఫీసు పక్షాన 40 మాటలు, అంటే రెండు వాక్యాలు. చివర హడావుడిగా సొంత అభిప్రాయం 15 మాటలు. మొత్తం 180.

పరిచయంలో 20 మాటలు ప్రశ్నలోంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాసినవైతే పరిస్థితి ఇంకాస్త చిక్కుతుంది. ప్రశ్న నుంచి కాపీ చేసిన భాగాన్ని ఎగ్జామినర్ పక్కన పెట్టాలి. కంప్యూటర్‌లో రాసేవారికి స్క్రీన్ మీద మాటల లెక్క కనిపిస్తుంది గానీ, ఆ అంకెలో కాపీ చేసిన మాటలు కూడా కలిసే ఉంటాయి. స్క్రీన్ 180 అని చూపించినా ఎగ్జామినర్ ముందున్నది 160 మాటల పని.

ఇప్పుడు టాస్క్ రెస్పాన్స్‌కు ఎంత ఇవ్వాలి? బ్యాండ్ 7 రావాలంటే అడిగిన ముఖ్య భాగాలకు తగినట్టుగా జవాబు ఉండాలి, ముఖ్యమైన ఆలోచనలను విస్తరించి సమర్థించాలి. బ్యాండ్ 6లో కొన్ని భాగాలకు మిగతావాటికన్నా ఎక్కువ చోటు దక్కినా ఫర్వాలేదు, కొన్ని ఆలోచనలు సరిగ్గా పెరగకపోయినా ఫర్వాలేదు. బ్యాండ్ 5 వివరణలో మాత్రం భాగాలు అసంపూర్తిగా ఉన్నాయన్న మాట వస్తుంది. ఈ వ్యాసానికి 7 రాదు. ఆఫీసు పక్షం గురించి రాసిన రెండు వాక్యాలను ‘తక్కువే గానీ ఉంది’ అని తీసుకుంటే 6, ‘అసంపూర్తి’ అని తీసుకుంటే 5.

ఈ ఒక్క బ్యాండ్ తేడా ఎంత దూరం వెళుతుందో చూడండి. టాస్క్ రెస్పాన్స్ 6, మిగతా మూడూ 7 అయితే వ్యాసం సగటు 6.75. రైటింగ్ స్కోరులో రెండో ప్రశ్నకు మొదటిదానికన్నా రెట్టింపు బరువు. కాబట్టి లెటర్‌కు వచ్చిన 7కి రెండు 6.75లు కలిపి మూడుతో భాగిస్తే సుమారు 6.83. దగ్గరి అర బ్యాండ్‌కు సర్దితే 7. వ్యాసం చిన్నదైనా ఫలితంలో ఆ లోటు కనిపించనే లేదు! అదే టాస్క్ రెస్పాన్స్ 5 అయితే వ్యాసం సగటు 6.5, మొత్తం లెక్క సుమారు 6.67. సర్దితే 6.5. ఎగ్జామినర్లు సున్నాల తర్వాతి అంకెలను లోపల ఎలా సర్దుతారన్నది పక్కన పెడితే, బయటి నుంచి అంచనా వేయడానికి ఈ పద్ధతి చాలు.

అంటే ఒక బ్యాండ్ లోటును అర బ్యాండ్ సర్దుబాటు మింగేయగలదు, రెండు బ్యాండ్ల లోటును మింగలేదు. ‘నేను 190 మాటలే రాశాను, అయినా 7 వచ్చింది’ అని ఒకరు, ‘నాకు 6.5కు పడిపోయింది’ అని ఇంకొకరు చెప్పినా ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఇదే పొరపాటు లెటర్‌లో జరిగితే నష్టం ఇంకా తక్కువ. 150 మాటలకు బదులు 100 రాసి మొదటి కోణంలో 5 తెచ్చుకున్నా, వ్యాసం పూర్తిగా 7 స్థాయిలో ఉంటే లెక్క సుమారు 6.83, అంటే 7. అందుకే లెటర్ కోసం వ్యాసం టైమ్‌ను బలిపెట్టడం అన్ని విధాలా నష్టమైన బేరం.

వ్యాసం ఇంకా కుదించుకుపోతే దెబ్బ ఒక్క కోణంలో ఆగదు. 120 మాటల్లో ప్రశ్నను నామమాత్రంగా తాకి వదిలేస్తే టాస్క్ రెస్పాన్స్ 4 స్థాయికి జారవచ్చు. పేరాల మధ్య నడక చూపించడానికి పేరాలే ఉండవు. రకరకాల వాక్యాలు రాయగలనని చూపించడానికి వాక్యాలూ చాలవు. తప్పుల సంగతీ అంతే. ఐదు తప్పులు 250 మాటల్లో ఉంటే 50 మాటలకు ఒకటి, 120 మాటల్లో ఉంటే 24 మాటలకు ఒకటి. తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలన్నది వ్యాకరణంలో 7కు ఉన్న షరతు. మిగతా మూడూ 6కు దిగితే వ్యాసం 5.5, లెటర్‌తో కలిపి రైటింగ్ 6.

కెనడాకు వెళ్లాలనుకునేవారికి 7కీ 6.5కీ మధ్య దూరం చిన్నది కాదు. రైటింగ్‌లో 7 అంటే అక్కడి కొలతలో సీఎల్‌బీ 9, 6.5 అంటే సీఎల్‌బీ 8. మాస్టర్స్ డిగ్రీ, విదేశంలో మూడేళ్ల పైబడిన అనుభవం ఉండి, మిగతా మూడు విభాగాల్లో సీఎల్‌బీ 9 దాటిన అవివాహితులను తీసుకోండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పట్టిక ప్రకారం ఈ అర బ్యాండ్ వల్ల రైటింగ్‌కు నేరుగా పోయేది 8 పాయింట్లు. చదువుకూ అనుభవానికీ భాషతో కలిపి ఇచ్చే పాయింట్లు 50 నుంచి 25కు చొప్పున పడిపోతాయి. మొత్తం 58 పాయింట్లు.

రిపోర్టులో రైటింగ్‌కు ఒక్క అంకే ఉంటుంది. ఏ ప్రశ్నకు ఎంత, ఏ కోణంలో ఎంత అన్నది అందులో ఉండదు. అందువల్ల 6.5 చూసి వ్యాకరణ పుస్తకాలు తిరగేసేముందు, ఆ రోజు రాసిన వ్యాసంలో ఏ భాగం సగంలో ఆగిందో గుర్తుచేసుకోవడం మేలు. ప్రాక్టీసులోనూ మాటలను మొత్తంగా కాకుండా పేరాల వారీగా లెక్కపెట్టుకోవాలి. ఒక పక్షానికి 80, రెండో పక్షానికి 40 అని తేలితే లోటు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. చివరి ఐదు నిమిషాలే మిగిలినప్పుడు ముగింపును సాగదీస్తూ చెప్పిందే మళ్లీ చెబితే అంకె పెరుగుతుంది గానీ బ్యాండ్ పెరగదు. ఆ ఐదు నిమిషాల్లో ఆఫీసు పక్షానికి ఒక ఉదాహరణ చేర్చగలిగితే, వ్యాసం 220 మాటల దగ్గరే ఆగినా రెండు వాదనలూ చర్చించినట్టే అవుతుంది, టాస్క్ రెస్పాన్స్ 5కు దిగకుండా 6 దగ్గరే నిలిచే అవకాశం ఎక్కువ.