ఛార్జర్ చిన్నదైతే గేమ్ నెమ్మదే!

ఛార్జర్ తీయగానే గేమ్ తడబడుతోందా? ల్యాప్‌టాప్ పాడైనట్టు కాదు. గ్రాఫిక్స్ చిప్‌కు 140 వాట్లు, ప్రాసెసర్‌కు 45 వాట్లు కావాల్సిన మోడల్‌నే తీసుకుందాం. స్క్రీన్, ఫ్యాన్లతో కలిపి వాడకం 200 వాట్లకు చేరుతుంది. విమాన ప్రయాణ నిబంధనల వల్ల ల్యాప్‌టాప్ బ్యాటరీలు సాధారణంగా 100 వాట్-అవర్లు దాటవు. ఆ లెక్కన అరగంటకే ఖాళీ; పైగా సెల్స్ బాగా వేడెక్కుతాయి. అందుకే ల్యాప్‌టాపే చిప్‌లకిచ్చే పవర్ తగ్గిస్తుంది, ఫ్రేములు పడిపోతాయి.

ఇండియా ప్రయాణంలో బరువు తగ్గుతుందని 100 వాట్ల టైప్-సి ఛార్జర్ తీసుకెళ్లినా ఇదే సమస్య. పర్ఫార్మెన్స్ మోడ్ పెట్టినా ఛార్జర్ ఇచ్చే పవర్ పెరగదు. ప్లగ్‌లో ఉండగానే గేమ్ ఆడుతుంటే బ్యాటరీ శాతం తగ్గుతోందంటే ఛార్జర్ చాలడం లేదన్నమాట. ఇలాంటి మోడల్‌కు దానితో వచ్చిన 230 వాట్ల అడాప్టరే పెట్టి, ఆ తర్వాత పర్ఫార్మెన్స్ మోడ్ ఎంచుకోండి.