చిన్ని కళ్లజోడు ఎందుకు దాచింది?

యానిమేషన్ చిత్రంలో బొమ్మలు కదలడం చాలా ఆలస్యంగా మొదలవుతుంది. అంతకుముందే స్టోరీబోర్డు గీతల్ని వరసగా పేర్చి, తాత్కాలికంగా మాటలూ చప్పుళ్లూ జోడించి ఒక కచ్చా వీడియో తయారుచేస్తారు. దాన్నే యానిమాటిక్ అంటారు. కథ జనానికి అర్థమవుతోందో లేదో తేల్చుకోవాల్సింది ఇక్కడే. రంగులేసి కదిలించాక ఒక్క షాటు మార్చాలన్నా బోలెడు పని వృథా అవుతుంది. 1993 నవంబరులో ‘టాయ్ స్టోరీ’ కచ్చా రీళ్లు చూసిన డిస్నీ వాళ్లు పని ఆపించేస్తే, పిక్సార్ బృందం కథను తిరగరాసుకుంది.

మూడు నిమిషాల చిత్రం ఒకటి ఊహించుకుందాం. తాతయ్య ఊరెళ్లిపోతున్నాడని తెలిసి, మనవరాలు చిన్ని ఆయన కళ్లజోడు దాచేస్తుంది. కథ తెలియని ఆరుగురిని పిలిచి చూపించాం. ముందుగా ఏమీ చెప్పలేదు. ‘ఇంకా పూర్తికాలేదండీ, ఏమనుకోకండి’ అని కూడా అనకూడదు. అది విన్నవాళ్లు మొహమాటానికి తప్పులు మింగేస్తారు. మధ్యలో ఆపకుండా ఒకసారి నడిపించాం. పక్కన కూర్చున్న మనిషి తెరను కాదు, వాళ్ల ముఖాలను చూస్తూ, ఎవరు ఎప్పుడు కదిలారో, పక్కవాళ్ల వైపు తిరిగారో టైముతో సహా రాసుకున్నాడు.

అయిపోగానే, నలుగురూ మాట్లాడుకోకముందే కాగితాలిచ్చాం. మొదటి కాగితంలో ఒకటే ప్రశ్న: ‘ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి.’ అవి వెనక్కి తీసుకున్నాకే రెండోది: ‘చిన్ని కళ్లజోడు ఎందుకు దాచింది? ఇదేంటి అనిపించిన చోటు ఉంటే, అప్పుడు తెర మీద ఏముంది?’ రెండూ ఒకేసారి ఇస్తే ప్రశ్నే కథ చెప్పేస్తుంది. దాచిన సంగతి గమనించనివాళ్లు కూడా గమనించినట్టే రాస్తారు. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు. మనవాళ్లు ఆ ప్రశ్నకు కాదనరు.

ఆరుగురిలో నలుగురు ‘అల్లరికి దాచింది’ అని రాశారు. తికమక పడ్డది ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర, చిన్ని ఏడుస్తున్నప్పుడు. అల్లరిపిల్ల ఎందుకేడుస్తోందని వాళ్ల సందేహం. ఏడుపు షాటు సరిదిద్దాలనిపిస్తుంది గానీ, తప్పు అక్కడ లేదు. ముప్ఫై అయిదో సెకను దగ్గర తాతయ్య జేబులోని బస్సు టికెట్టు చిన్ని కంటపడుతుంది. ఆ షాటు పన్నెండు ఫ్రేములే, అంటే సెకనుకు ఇరవై నాలుగు లెక్కన అర సెకను. గీసినవాళ్లకు అందులో టికెట్టు ఉందని ముందే తెలుసు కాబట్టి అది చాలు. కొత్తవాళ్ల కంటికి ఆనలేదు. దగ్గరి నుంచి చూపించి రెండు సెకన్లు నిలిపితే సరిపోతుంది. అందుకే ఎవరైనా ‘ఏడుపు తీసేయండి’ అని సలహా ఇస్తే రాసుకోండి, పాటించే ముందు మాత్రం వెనక్కెళ్లి కారణం వెతకండి.

‘తాతయ్య ఎక్కడికెళ్తున్నాడు?’ అని ఇద్దరు రాశారు. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, ఆ ఉత్కంఠ మనం కావాలని పెట్టిందే.

మార్చాక మళ్లీ పరీక్షించాలి. ఒకసారి కథ తెలిసినవాళ్లు అందుకు పనికిరారు. కాబట్టి దొరికిన స్నేహితులందరినీ మొదటి రోజే పిలిచేయకండి, సగం మందిని దాచుకోండి.