గోదాము కొలువుకు ఏ సర్టిఫికెట్టు?

కురిచేడు: కంది, మిర్చి, పత్తి పండే ఈ ప్రాంతం నుంచి చదువుకున్న కుర్రవాళ్లు గుంటూరు రైలెక్కి గోదాముల్లో, శీతల గిడ్డంగుల్లో స్టాకు గుమస్తాలుగా చేరడం మామూలే. చేరిన కొన్నాళ్లకు పెద్ద జీతం రావాలంటే సర్టిఫికెట్టు ఉండాలన్న మాట చెవిన పడుతుంది. ఏది తీసుకోవాలన్న దగ్గరే చిక్కు. ఒకటి ప్రభుత్వ పథకంలో ఉచితంగా వచ్చేది, మరొకటి లక్ష రూపాయల మాట.

ఖరీదైన దాని పేరు సి.పి.ఐ.ఎం. పేరు చూసి పార్టీ అనుకోవద్దు. సరుకు ఎంత కొనాలి, ఎప్పుడు తయారు చేయాలి, ఎంత నిల్వ ఉంచాలి అన్న లెక్కల మీద అమెరికా సంస్థ ఒకటి 1973 నుంచి పెడుతున్న పరీక్ష ఇది. అప్పట్లో ఆ సంస్థను ఆపిక్స్ అనేవారు, ఇప్పుడు ఏ.ఎస్.సి.ఎం. అంటున్నారు. మూడున్నర గంటల్లో 150 ప్రశ్నలకు కంప్యూటరు మీద జవాబు గుర్తించాలి. తెలుగులో రాసే వీలు లేదు. ప్యాసైనా అయిదేళ్లకోసారి నిర్ణీత పాయింట్లు చూపించి సర్టిఫికెట్టును నిలబెట్టుకోవాలి.

ఇక్కడిది లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చేది. సరుకు ఏరి తీసే పని, ప్యాకింగు, స్టాకు గుమస్తా పని, ఇలా ఒక్కో కొలువుకు ఒక్కో సర్టిఫికెట్టు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద చేరితే ఫీజు ఉండదు. పని చేయించి చూసి పరీక్షిస్తారు.

రెండింటికీ తేడా ఎక్కడో ఒక లెక్కతో చూస్తే తేలుతుంది. ఒక గోదాములోకి 50 కిలోల కంది బస్తాలు 1,200 వచ్చాయనుకుందాం. కాటా చీటీ ప్రకారం 60,000 కిలోలు, తేమ 12 శాతం. మూడు నెలల తర్వాత తూస్తే 58,700 కిలోలే ఉంది. 1,300 కిలోలు ఏమైనట్టు? యజమాని కన్ను ముందుగా పడేది హమాలీల మీదే.

అలాంటప్పుడు పని తెలిసిన గుమస్తా తేమ మీటరు తీస్తాడు. తేమ 10 శాతం చూపిస్తే లెక్క సులువు. వచ్చిన రోజున తేమ పోను గింజ 52,800 కిలోలు. ఆ గింజ ఇప్పుడు మొత్తం తూకంలో 90 శాతం కాబట్టి తూకం 58,667 కిలోలు ఉండాలి. ఉన్నది 58,700. అంటే ఎవరూ ఎత్తుకుపోలేదు, సరుకు ఆరింది. అదే తూకం 57,900 వచ్చి ఉంటే లెక్కకు అందనిది 767 కిలోలు, సుమారు పదిహేను బస్తాలు. అప్పుడు బస్తాలు ఎంచాలి. 1,185 ఉంటే బస్తాలు పోయినట్టు, లేదా లారీకి ఎక్కువ ఎక్కించినట్టు. 1,200 ఉంటే చిరుగులు, పురుగు చూసుకోవాలి.

ఈ కథలో బస్తాలు ఎంచడం, రిజిస్టరుతో సరిచూడటం, తేడాను పైవారికి రాసి పెట్టడం స్థానిక సర్టిఫికెట్టు నేర్పే పని. ఏడాది చివర ఒక్కసారి ఎంచే బదులు రోజుకు కొన్ని లాట్లు ఎంచుకుంటూ పోవడం, ఎంత తేడాను సహించవచ్చో ముందే గిరి గీయడం, తేడాకు మూలం పట్టడం సి.పి.ఐ.ఎం. అడిగేవి. కంది ఆరిన తూకం లెక్క కోసం ఈ రెండింటినీ నమ్ముకుని లాభం లేదు. అది గోదాములోనే నేర్చుకోవాలి, లేదా గింజ నిల్వ మీద శిక్షణ ఇచ్చే కేంద్రప్రభుత్వ హాపూర్ సంస్థ హైదరాబాదు శాఖకు వెళ్లాలి. గోదాము రసీదు మీద బ్యాంకులు రైతుకు అప్పు ఇస్తున్నందున ఈ లెక్క తప్పితే మునిగేది గుమస్తా ఒక్కడే కాదు.

కాబట్టి పది, ఇంటర్ చదివి కొత్తగా చేరేవారికి స్థానికమే నయం. లక్ష పోసి అమెరికా పరీక్ష ప్యాసైనా గోదాము మేస్త్రీ అడిగేది తూకం, ఎంపికే. నాలుగైదేళ్లు పనిచేసి, ఇంగ్లీషు చదవగలిగి, ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగానికో గల్ఫుకో పోదామనుకునేవారికి మాత్రం రెండోది ఖర్చుకు తగ్గదే. అదీ ప్రకటనల్లో ఆ పేరు అడుగుతున్నారో లేదో చూసుకున్నాకే.

డబ్బు పోయేది మరోచోట. రెండు రోజులు పాఠం చెప్పి, భోజనం పెట్టి, ‘అంతర్జాతీయ’ అని బంగారు అక్షరాలతో కాగితం ఇచ్చేవారు ఉన్నారు. అది హాజరు కాగితమే. పరీక్ష ఎక్కడ రాయాలో ముందే అడగాలి. అసలు సి.పి.ఐ.ఎం. పరీక్ష నడిపేది పియర్సన్ వ్యూ అనే వేరే సంస్థ, పాఠం చెప్పినవారు కాదు. పాఠం చెప్పినవారే పరీక్ష పెట్టి సాయంత్రానికి కాగితం చేతికిస్తే డబ్బు కట్టకుండా లేచి రావచ్చు. స్కిల్ కౌన్సిల్ కాగితమైతే దాని మీది క్యూఆర్ గుర్తును ఫోనుతో చూసినప్పుడు అభ్యర్థి పేరు, కొలువు పేరు రెండూ కనపడాలి.