జెద్దా కార్డు, నిజామాబాద్ అడ్రస్: ఖర్జూరాల ఆర్డర్ ఎందుకు ఆగిపోయింది?

మా ఖాలా కొడుకు జెద్దాలో పనిచేస్తాడు. పోయిన రమజాన్‌కు వారం ముందు, మొహల్లా మసీదులో ఇఫ్తార్‌కు ఇద్దామని నిజామాబాద్ ఇంటి అడ్రస్ పెట్టి ఒక ఆన్‌లైన్ దుకాణంలో 30 డబ్బాల ఖర్జూరాలు ఆర్డర్ చేశాడు. కార్డు నుంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆర్డర్ మాత్రం 'Under review' దగ్గరే ఆగింది. మర్నాడు తెలియని నంబర్ నుంచి ఖాలాకు మూడుసార్లు ఫోన్ వస్తే, లోన్ వాళ్ళేమో అనుకుని ఆమె ఎత్తలేదు. మూడో రోజు ఆర్డర్ రద్దయింది.

"నా డబ్బు నేను కడితే నా మీద అనుమానమేంది?" అని భాయ్ కోపం. వేరే కంపెనీలో ఇలా ఆగిన ఆర్డర్లను చూసే పని చేసిన నా డిగ్రీ క్లాస్‌మేట్‌ను అడిగితే, సంగతి అర్థమైంది.

మన దేశపు కార్డుతో ఆన్‌లైన్‌లో కొంటే ఓటీపీ లాంటి రెండో తనిఖీ తప్పనిసరి. రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు నుంచి ఈ నిబంధన పెట్టింది. విదేశీ బ్యాంకు ఇచ్చిన కార్డుకు అది వర్తించదు. కాబట్టి అలాంటి రెండో తనిఖీ జరగని చోట దొంగిలించిన కార్డు నంబర్‌తో కొనే వీలుంటుంది. నెల తర్వాత అసలు కార్డుదారుడు స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకులో ఫిర్యాదు చేస్తే, బ్యాంకు డబ్బు వెనక్కి లాగేస్తుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. సరుకు పోయె, డబ్బూ పోయె, పైగా దుకాణం మీద ఫీజు.

అందుకే ప్యాక్ చేయకముందే ప్రతి ఆర్డర్‌ను కంప్యూటర్ కొన్ని రూల్స్‌తో చూస్తుంది. ఒక్కో రూల్‌కు కొన్ని పాయింట్లు. లెక్క ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. కార్డు అడ్రస్, డెలివరీ అడ్రస్ వేరైతే 20. మామూలుకంటే చాలా ఎక్కువ సరుకు అయితే 25. అకౌంట్ ఆ రోజే తెరిస్తే 15. మొత్తం 50 దాటితే ఆర్డర్ ఆగి, మనిషి ముందుకు వెళ్తుంది. మన భాయ్‌కు మూడూ తగిలాయి అనుకోండి, 60. ఏ ఒక్కటి విడిగా తగిలినా ఆగేది కాదు. ఆగిందంటే దొంగ అని తేల్చినట్టు కాదు, ఒకసారి చూడండి అని చెప్పినట్టు.

అడ్రస్ రూల్‌లోనే మన గల్ఫ్ కుటుంబాలకు అసలు చిక్కు ఉంది. కస్టమర్ రాసిన అడ్రస్‌లోని అంకెలు, పోస్టల్ కోడ్ బ్యాంకు రికార్డుతో కలుస్తున్నాయా అని చూసే పద్ధతిని ఏవీఎస్ అంటారు. ఇది ముఖ్యంగా అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకు పనిచేస్తుంది. అడ్రస్ కలవకపోతే N అని జవాబు వస్తుంది. బ్యాంకు దగ్గర ఆ సమాచారం దొరకకపోతే U వస్తుంది. ఈ రెండూ ఒకటి కాదు. ఒకటి 'తప్పు', ఇంకొకటి 'చూడలేకపోయాం'. రూల్ రాసినవాళ్ళు రెంటికీ ఒకే పాయింట్లు పెట్టేస్తే, ఏ తప్పూ చేయని గల్ఫ్ కార్డులన్నీ వరసగా ఆగిపోతాయి.

సరుకు రూల్ కూడా వస్తువును బట్టి ఉండాలి. దొంగ కార్డు ఎప్పుడు బ్లాక్ అవుతుందో తెలియదు కనుక, దాన్ని వాడేవాడు త్వరగా తిరిగి అమ్ముడుపోయే ఫోన్లు, గిఫ్ట్ కార్డులు చూసుకుంటాడు. ఐదు ఫోన్లు అనుమానించాల్సిందే. రమజాన్ ముందు 30 డబ్బాల ఖర్జూరాలు వింతేమీ కాదు. ఏడాది మొత్తానికి ఒకటే లెక్క పెట్టిన దుకాణంలో ఆ నెల రివ్యూ క్యూ నిండిపోతుంది, మనిషి ఒక్కో ఆర్డర్‌కు ఇచ్చే టైమ్ తగ్గిపోతుంది. తెలివైన దొంగ అయితే ఐదు ఫోన్లను ఐదు ఆర్డర్లుగా విడగొడతాడు. అందుకే ఒకే కార్డు, ఒకే ఫోన్ నంబర్, ఒకే అడ్రస్ మీద గంటలో ఎన్ని ఆర్డర్లు వచ్చాయో లెక్కపెట్టే రూల్ విడిగా ఉండాలి.

మరి రివ్యూ చేసే మనిషి ఏం చూస్తాడు? ఈ ఆర్డర్‌కు ముందు వేరే కార్డులు పెట్టి ఫెయిల్ అయ్యాయా, పాత కొనుగోళ్ళున్నాయా అని చూసి, చివరికి ఫోన్ చేస్తాడు. అసలు కస్టమర్ ఏం కొన్నాడో, ఎవరికి కొన్నాడో తడుముకోకుండా చెబుతాడని నా క్లాస్‌మేట్ అంటాడు. ఖాలా ఫోన్ ఎత్తి "మా వాడే జెద్దా నుంచి పంపిస్తున్నాడు" అని ఉంటే, ఆర్డర్ ఆ రోజే కదిలేదేమో. ఇక్కడ దుకాణం తప్పు కూడా ఉంది. కొన్నది భాయ్ అయితే, భాయ్ ఈమెయిల్‌కు ఒక్క ముక్క రాయలేదు.

నిజంగా రివ్యూ కోసం ఫోన్ చేసేవాళ్ళు ఆర్డర్ నంబర్, పేరు, మహా అయితే కార్డు చివరి నాలుగు అంకెలు అడుగుతారు. ఓటీపీ, కార్డు వెనకాల ఉండే మూడంకెలు అడిగితే ఫోన్ పెట్టేసి, దుకాణం యాప్‌లో ఉన్న నంబర్‌కు మీరే చేయండి. భాయ్ డబ్బు కొన్ని రోజులకు తిరిగొచ్చింది. ఖర్జూరాలు మాత్రం ఈసారి ఖాలా బజారుకెళ్ళి తెచ్చింది.